రెండు శాతం ఎటు పోయింది? బత్తాయి రైతుల సంఘం ఖర్చుల పై చార్టు: ఒక కేస్ స్టడీ

నల్గొండ జిల్లాలో రైతు సంఘాలకు, పొదుపు సంఘాల సమాఖ్యలకు లెక్కల పట్టికలు, వార్షిక నివేదికలు తయారు చేసి పెట్టడం నా పని. ఈ కేసు ఒక బత్తాయి రైతుల సంఘానిది. ఊరు, సంవత్సరం, మనుషుల వివరాలు తీసేశాను. అసలు ఖర్చు మొత్తాన్ని మార్చి 18,50,000 రూపాయలుగా రాస్తున్నాను. ఒక్కో పద్దు వాటా మాత్రం దశాంశాలతో సహా ఉన్నదున్నట్టు ఉంచాను, ఎందుకంటే గొడవంతా ఆ దశాంశాల దగ్గరే మొదలైంది.

నేపథ్యం

సంఘం పని చిన్నదే. సభ్యుల తోటల్లో కాయ కోయించడం, షెడ్డుకు తెచ్చి సైజుల వారీగా వేరు చేయడం, క్రేట్లలో నింపి మార్కెట్టుకు పంపడం. ఏడాది ఖర్చును ఏడు పద్దుల కింద రాస్తారు. ఏటా సర్వసభ్య సమావేశంలో ఆ ఖర్చును చదివి వినిపిస్తారు. ఇన్నేళ్లూ రూపాయల పట్టికే చదివేవారు. ఆ ఏడు మాత్రం, చదువురాని సభ్యులకు కూడా ఒక్క చూపులో అర్థం కావాలని, ఆఫీసులో కంప్యూటర్ చూసే కుర్రాడు ఎక్సెల్‌లో గుండ్రటి పై చార్టు గీసి పెద్ద ఫ్లెక్సీ వేయించాడు. ఆలోచన మంచిదే. ఫ్లెక్సీ మీద రూపాయలు లేవు. ఏడు రంగుల ముక్కలు, ఒక్కో ముక్క మీద ఒక శాతం అంకె, అంతే.

వచ్చిన సమస్య

సమావేశంలో అధ్యక్షుడు మాట్లాడుతుండగా ముందు వరుసలో ఒక పెద్దాయన పాస్‌బుక్కు వెనక అట్ట మీద పెన్నుతో ఏవో అంకెలు కూడుకుంటూ కూర్చున్నాడట. లేచి అడిగాడు: "సారూ, గీ గుండ్రం బొమ్మల అంకెలన్నీ కలిపిన. తొంభై ఎనిమిదే అయితున్నయ్. మిగిలిన రెండు ఎటు వోయినయ్?"

అధ్యక్షుడు "కంప్యూటర్ల అట్లనే వస్తది పెద్దయ్యా" అన్నాడు. ఆ మాటతో విషయం చల్లారాల్సింది పోయి రాజుకుంది. పద్దెనిమిదిన్నర లక్షల్లో రెండు శాతం అంటే ముప్పై ఏడు వేలు. ఆ లెక్క పెద్దాయన అప్పటికే వేసుకుని ఉన్నాడు. ముప్పై ఏడు వేలు అనే మాట సభలో పడ్డాక, అది లెక్కల పుస్తకంలో ఉన్న సొమ్మా, బొమ్మలో పోయిన సొమ్మా అని ఎవరూ ఆగి చూడలేదు. మూడో రోజు కోశాధికారి, ఆ కుర్రాడు కలిసి పెన్ డ్రైవ్ పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

ముందుగా నేను చూసింది లెక్కల పుస్తకం. బొమ్మ తర్వాత. ఓచర్లకూ పద్దులకూ తేడా లేదు, పద్దుల మొత్తం సరిగ్గా 18,50,000. కాబట్టి డబ్బు ఎక్కడికీ పోలేదు. ఈ వరుస ముఖ్యం. బొమ్మలో వంద రాలేదంటే రెండు కారణాలు ఉండవచ్చు: ఒక పద్దు నిజంగానే జారిపోయి ఉండొచ్చు, లేదా అంకెలను దగ్గరి పూర్ణాంకానికి సవరించడంలో తేడా వచ్చి ఉండొచ్చు. మొదటిది కాదని తేల్చకుండా రెండోదాన్ని సరిచేస్తే, నిజమైన తప్పును కప్పిపెట్టినట్టు అవుతుంది.

అసలు పట్టిక ఇదీ:

| పద్దు | రూపాయలు | అసలు శాతం | ఫ్లెక్సీ మీద |
|---|---|---|---|
| కోత కూలీ | 5,81,640 | 31.44 | 31 |
| రవాణా | 4,13,290 | 22.34 | 22 |
| జీతాలు | 3,22,270 | 17.42 | 17 |
| క్రేట్లు | 2,09,790 | 11.34 | 11 |
| షెడ్డు కిరాయి | 1,75,010 | 9.46 | 9 |
| కరెంటు | 1,03,970 | 5.62 | 6 |
| ఆఫీసు, సమావేశాలు | 44,030 | 2.38 | 2 |

మూడో నిలువు వరుసలోని దశాంశాలను చూడండి. ఏడింటిలో ఆరు సగానికి లోపే ఉన్నాయి: .44, .34, .42, .34, .46, .38. సమీప పూర్ణాంకానికి సవరించినప్పుడు ఆ ఆరూ కిందికే దిగాయి. కరెంటు ఒక్కటే .62తో పైకి ఎక్కింది. దిగిన ఆరూ కలిపి 2.38 పోగొట్టుకున్నాయి, ఎక్కిన ఒక్కటి 0.38 తెచ్చింది. తేడా సరిగ్గా 2. పెద్దాయన అడిగిన రెండు అక్కడుంది. ఒకరి జేబులోకి పోలేదు, ఆరు పద్దుల తోకల్లో పోయింది.

మరి కుర్రాడికి ముందే ఎందుకు కనపడలేదు? ఎక్సెల్ షీట్లో శాతాల వరుస కింద మొత్తం గడిలో 100% అనే ఉంది. అతను చూసుకున్నాడు కూడా. ఎక్సెల్‌లో గడిని దశాంశాలు లేకుండా చూపమంటే, కంటికి కనిపించేది 31%, లోపల ఉండేది 31.44%, అంటే 0.3144. కింద మొత్తం వేసేటప్పుడు లోపలి అంకెలనే కూడుతుంది. అందుకే షీట్లో వంద, ఫ్లెక్సీ మీద తొంభై ఎనిమిది. ఈ తేడా పట్టుకోవాలంటే కనిపించే అంకెలనే కూడాలి. పక్క గడిలో ఇలా రాస్తే చాలు, అసలు వాటాలు C2 నుంచి C8 దాకా ఉన్నాయనుకుంటే:

```
=SUMPRODUCT(ROUND(C2:C8*100,0))
```

అతని షీట్లో ఈ ఫార్ములా వేసి చూపించాను. 98 అని వచ్చింది. కోశాధికారి ముఖంలో మొదటిసారి కాస్త ఊపిరి కనిపించింది.

ఇది అరుదైన సంగతి అనుకోవద్దు. ముక్కలు రెండే అయితే ఇబ్బంది దాదాపు రాదు, ఒకటి దిగితే రెండోది ఎక్కుతుంది. మూడు ముక్కలైతే నాలుగింట మూడుసార్లు వంద వస్తుంది, నాలుగైతే మూడింట రెండుసార్లు. ఏడు ముక్కలకు వచ్చేసరికి దాదాపు సగం సార్లే. అంటే ఏడు పద్దుల పై చార్టు గీసిన ప్రతిసారీ, వంద రావడం రాకపోవడం ఇంచుమించు నాణెం ఎగరేసినట్టే. ఒకటి తక్కువో ఎక్కువో రావడం మామూలు. రెండు పోవడం బాగా అరుదు, వీళ్ళకు ఆ ఏడు అదే పడింది.

ప్రయత్నించినవి, పనికిరానివి

నా దగ్గరికి రాకముందే వాళ్ళు ఒక మార్పు చేసుకుని వచ్చారు. అన్నిటికన్నా పెద్ద ముక్కలో ఆ రెండూ కలిపేశారు. కోత కూలీ 31 కాస్తా 33 అయింది. మొత్తం వంద. "పెద్దదాంట్ల రెండు కలిస్తే ఎవలకు ఎరుక?" అన్నాడు కుర్రాడు. చాలా ఆఫీసుల్లో చేసేది ఇదే, నేనూ మొదట్లో చేశాను. పెద్ద ముక్కలో రెండు కలిస్తే కంటికి ఆనదన్నది నిజమే. కానీ ఇక్కడ చదివేవాళ్ళు బొమ్మ చూసి ఊరుకునే మనుషులు కారు, శాతాన్ని రూపాయల్లోకి మార్చుకునే మనుషులు. 33 శాతం అంటే 6,10,500. పుస్తకంలో ఉన్నది 5,81,640. తేడా 28,860 రూపాయలు. మొన్న పోయిన డబ్బు ఎక్కడని అడిగినవాళ్ళు, రేపు కోత కూలీ మీద దొంగ లెక్క రాశారని అడుగుతారు. పైగా కూలీలను పిలిచే మేస్త్రీ కూడా ఆ సభలోనే కూర్చుంటాడు.

ఈ పద్ధతిలో ఇంకో లోపం ఉంది, మొత్తం 101 వచ్చినప్పుడు బయటపడుతుంది. రెండు పెద్ద ముక్కలు 27.6, 27.5 అనుకోండి. రెండూ 28గా కనిపిస్తాయి. పెద్దదాంట్లోంచి ఒకటి తీస్తే పెద్దది 27, చిన్నది 28. వరుసే తలకిందులవుతుంది. "ఇతరాలు" లాంటి చిన్న ముక్కలో సర్దడం ఇంకా చెడ్డది. 2.38 ఉన్న ఆఫీసు పద్దులో 4 రాస్తే, ఆ ఖర్చును ఒకటిన్నర రెట్లకు పైగా చేసినట్టు. ఇతరాల మీదే జనానికి మొదటి అనుమానం ఉంటుందని వేరే చెప్పక్కర్లేదు.

రెండో ఆలోచన కోశాధికారిది: దశాంశం ఒక స్థానం చూపిద్దాం. వేసి చూశాం: 31.4, 22.3, 17.4, 11.3, 9.5, 5.6, 2.4. కూడితే 99.9. ఇప్పుడు పోయింది పదో వంతు శాతమే, 1,850 రూపాయలు. సమస్య చిన్నదైంది, పోలేదు. రెండు స్థానాలు చూపితే ఈ లెక్కకు సరిగ్గా 100.00 వస్తుంది, కానీ అది ఈ అంకెలు అలా పడటం వల్లే. స్థానాలు పెంచుకుంటూ పోతే తేడా సన్నబడుతుంది గానీ, వంద వస్తుందన్న హామీ ఏ స్థానం దగ్గరా లేదు. అదీగాక ఆ ఫ్లెక్సీ చూసేది పది అడుగుల దూరం నుంచి. అంత దూరం నుంచి 22.34 చదివి గుర్తు పెట్టుకునే అవసరం ఎవరికీ లేదు.

మూడోది, అంకెలను అలాగే ఉంచి కింద "సవరణ వల్ల మొత్తం 100 కాకపోవచ్చు" అని ఒక వాక్యం రాయడం. ప్రభుత్వ నివేదికల్లో, పత్రికల్లో ఇది మామూలే, తప్పు కూడా కాదు. లెక్క తెలిసినవాళ్ళు చదివే నివేదికైతే నేను ఇదే చేస్తాను. ప్రతి అంకె దాని నిజమైన విలువకు దగ్గరగా ఉంటుంది, ఏ పద్దునూ ముట్టుకోనక్కర్లేదు. ఇక్కడ మాత్రం వద్దనుకున్నాం. ఒకసారి అనుమానం పుట్టిన సభలో, వంద కాని బొమ్మ కింద చిన్న అక్షరాల్లో సంజాయిషీ పెట్టి మళ్ళీ నిలబెట్టడం నాకు నచ్చలేదు. బొమ్మ దానంతటదే వంద కావాలి. అయితే ఎలా అయిందో ఎవరడిగినా చెప్పగలగాలి. రెండూ కావాలి.

పనిచేసినది

నేను వాడింది "పెద్ద శేషం" పద్ధతి. ఆలోచన ఇది. ముందు ప్రతి శాతంలోనూ దశాంశం కొట్టేసి పూర్ణాంకమే ఉంచాలి, .62 ఉన్నా సరే పైకి ఎక్కించకూడదు. మన లెక్కలో 31, 22, 17, 11, 9, 5, 2 మిగులుతాయి. మొత్తం 97. వందకు ఇంకా మూడు కావాలి. ఆ మూడింటినీ ఒక్కొక్కటి చొప్పున, ఎవరి దగ్గర ఎక్కువ దశాంశం కొట్టేశామో వాళ్ళకు వరుసగా ఇవ్వాలి. అన్నిటికన్నా ఎక్కువ పోగొట్టుకున్నది కరెంటు, .62. తర్వాత షెడ్డు, .46. తర్వాత కోత కూలీ, .44. మూడూ అయిపోయాయి. జీతాలు .42 దగ్గర ఆగిపోయాయి, కొద్దిలో తప్పింది.

ఫలితం: కోత కూలీ 32, రవాణా 22, జీతాలు 17, క్రేట్లు 11, షెడ్డు 10, కరెంటు 6, ఆఫీసు 2. కూడితే 100.

ఇందులో నాకు నచ్చే గుణం ఒకటుంది. ఏ పద్దూ తన అసలు విలువకు అటూ ఇటూ ఉన్న రెండు పూర్ణాంకాలను దాటి పోదు. 31.44 అయితే 31 గానీ 32 గానీ, 33 ఎప్పటికీ కాదు. కాబట్టి ఏ పద్దులోనైనా తేడా ఒక శాతానికి లోపే, ఇక్కడ 18,500 రూపాయలకు లోపే. కోత కూలీ 32 అంటే 5,92,000, పుస్తకంతో తేడా 10,360. పెద్దదాంట్లో కలిపినప్పటి 28,860 పక్కన పెట్టి చూడండి. అన్ని పద్దుల తేడాలూ కలిపినా అంతే. పెద్దదాంట్లో కలిపితే మొత్తం తేడా 3.88, పెద్ద శేషంతో 2.96. వంద వచ్చేలా పూర్ణాంకాలు ఎలా పంచినా 2.96 కన్నా తగ్గించలేం. వరుస కూడా తలకిందులు కాదు. అసలు విలువ పెద్దదైన పద్దు, చూపే అంకెలో చిన్నది కావడం ఈ పద్ధతిలో జరగదు.

ఎక్సెల్‌లో దీన్ని మూడు నిలువు వరుసల్లో చేశాం. B వరుసలో రూపాయలు, C లో పూర్ణాంకం, D లో శేషం, E లో బొమ్మ మీద రాయాల్సిన అంకె:

```
C2: =INT(B2*100/SUM(B$2:B$8))
D2: =MOD(B2*100,SUM(B$2:B$8))
E2: =C2+IF(RANK(D2,D$2:D$8)+COUNTIF(D$2:D2,D2)-1
       <=100-SUM(C$2:C$8),1,0)
```

D లో దశాంశం బదులు శేషాన్ని రూపాయల అంకెలతోనే తీశాను, కావాలనే. కోత కూలీకి 814000, షెడ్డుకు 851000, జీతాలకు 777000 అని పూర్తి అంకెలు వస్తాయి. పోల్చడం తేలిక, కాగితం మీద చేత్తో కూడా సరిచూసుకోవచ్చు. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. ముందే భాగించి దశాంశం తీసి, తర్వాత వందతో గుణిస్తే కంప్యూటర్ దశాంశాల్లో వెంట్రుకవాసి తేడా వస్తుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో `int(0.29*100)` అని అడిగితే 29 రాదు, 28 వస్తుంది, లోపల 28.999… గా ఉంటుంది కాబట్టి. సరిగ్గా పూర్ణాంకమైన పద్దు ఒకటి కిందికి జారి, అతి పెద్ద శేషంతో క్యూలో ముందు నిలబడుతుంది. అందుకే ముందు వందతో గుణించాలి, ఆ తర్వాతే భాగించాలి.

COUNTIF ముక్క శేషాలు సమానమైనప్పటి కోసం. ఇక్కడ రవాణాకు, క్రేట్లకు శేషం ఒకటే, .34. కానీ ఆ ఇద్దరూ క్యూలో చివర ఉన్నారు, వాళ్ళ దాకా రాకముందే మూడూ అయిపోయాయి. సమానమైన శేషాలు సరిగ్గా గీత దగ్గర నిలబడితేనే చిక్కు. ఆ సంగతి కింద వస్తుంది.

ఇక బొమ్మ. E వరుసలోని అంకెలతో పై చార్టు గీయబోయాడు కుర్రాడు, ఆపాను. ముక్కల వెడల్పు అసలు రూపాయల నుంచే రావాలి, అంకె మాత్రమే E నుంచి రావాలి. కోత కూలీ ముక్క కోణం అసలు వాటాతో 113.2 డిగ్రీలు, 32తో గీస్తే 115.2. కంటికి ఆ రెండు డిగ్రీలు తెలియకపోవచ్చు. కానీ సవరించిన అంకెను లెక్కలోకి తిరిగి పంపితే, రేపు ఎవరో ఆ షీటును ముందుకు వాడుకుని 32 నుంచి మళ్ళీ రూపాయలు తీస్తారు. సవరణ అనేది చివరి మెట్టు మీద, కాగితానికి ఎక్కేటప్పుడు ఒక్కసారే జరగాలి. ఎక్సెల్ 2013 నుంచి లేబుళ్ళ అమరికలో `Value From Cells` అని ఉంది. చార్టు B వరుస మీద గీసి, లేబుల్‌కు E వరుసను చూపించి, పాత `Percentage` టిక్కు తీసేయడమే. శాతం గుర్తు కోసం F వరుసలో `=E2&"%"` అని రాసుకుని దాన్ని చూపించాం.

షెడ్డు దగ్గర వచ్చిన అభ్యంతరం

కొత్త బొమ్మ కమిటీకి చూపించినప్పుడు ఒకాయన ఊరుకోలేదు. షెడ్డు ఆయన అన్నగారిది. "తొమ్మిదిన్నర కూడ లేదు, పది ఎట్ల రాస్తరు? మా అన్న ఎక్కువ తిన్నడని అనుకోరా?" అన్నాడు. ఆయన అన్నది లెక్కప్రకారం సరైనదే. బళ్ళో నేర్చుకున్న సవరణ ప్రకారం 9.46 అంటే 9. ఈ పద్ధతి ఆ నియమాన్ని ఒకటి రెండు చోట్ల కావాలనే మీరుతుంది. మొత్తం వంద కావాలంటే ఎవరో ఒకరు మీరక తప్పదు. దాచకుండా అదే చెప్పాను.

కానీ ఎవరు మీరాలో మనుషులు కూర్చుని నిర్ణయించకూడదని కూడా చెప్పాను. ఆ రోజు షెడ్డు బదులు జీతాలకు ఒకటి ఇచ్చి ఉంటే, మర్నాడు గుమాస్తా వచ్చి అడిగేవాడు. అందుకే అంకెలు చూడకముందే నియమం రాసి పెట్టుకోవాలి, దాన్ని ఏటా ఒకేలా వాడాలి. కమిటీ పుస్తకంలో ఒక తీర్మానంగా రాశారు: దశాంశాలు కొట్టేసి, వందకు తక్కువైనవి ఎక్కువ శేషం ఉన్న పద్దులకు ఒక్కొక్కటి. శేషాలు సమానమైతే రూపాయల్లో పెద్ద పద్దుకు. దాన్నిబట్టి పట్టికలో పద్దులను పెద్దదాని నుంచి చిన్నదాకా పేర్చాం, ఫార్ములాలోని COUNTIF పై వరుసకే ముందు ఇస్తుంది కాబట్టి. బొమ్మ కింద పెద్ద అక్షరాల్లోనే రూపాయల పట్టిక పెట్టాం. షెడ్డు పక్కన 1,75,010 అని కనపడుతుంటే పది శాతం ఎవరినీ నిందించదు.

ఈ తగువు కొత్తదేమీ కాదు. అమెరికాలో రాష్ట్రాలకు జనాభా ప్రకారం ప్రతినిధుల సభలో సీట్లు పంచడానికి అప్పటి ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ ఈ పద్ధతినే ప్రతిపాదించాడు. ఆ బిల్లును 1792లో జార్జ్ వాషింగ్టన్ తిప్పికొట్టాడు. అమెరికా అధ్యక్షుడు వాడిన మొదటి వీటో అదే. సీట్లయినా శాతాలైనా, ముక్కలు చేయలేనిదాన్ని వాటాల ప్రకారం పంచాలంటే ఎవరి తోకకు విలువ ఇవ్వాలన్న ప్రశ్నే. కమిటీలో ఈ సంగతి చెప్పాక షెడ్డాయన కాస్త నెమ్మదించాడు.

నేర్చుకున్నవి

నివేదికలో ఒక వాక్యం నా కంటపడకపోతే మళ్ళీ ఇరుక్కునేవాళ్ళం. "జీతాలు, ఆఫీసు ఖర్చు కలిపి 20 శాతం" అని రాసి ఉంది. 17.42, 2.38 కలిపితే 19.80, సవరిస్తే 20. అది నిజమే. కానీ పక్క పేజీలో బొమ్మ మీద ఉన్నవి 17, 2. కూడితే 19. ఒక్క శాతం మళ్ళీ మాయం. బొమ్మ అంకెలు వందకు సరిపోయినంత మాత్రాన, వాటిలో ఏ రెండు కూడినా వాటి నిజమైన మొత్తానికి సరిపోవాలని లేదు. ఆ వాక్యాన్ని "జీతాలు, ఆఫీసు ఖర్చు కలిపి 3,66,300 రూపాయలు" అని మార్చాం. ఇప్పుడు ఏ నివేదికైనా బయటికి పంపేముందు, "కలిపి" అనే మాట ఎక్కడెక్కడ ఉందో వెతికి చూస్తాను.

అదే నివేదికలో రెండో పై చార్టు ఉంది, సభ్యులు ఏ ఊరివాళ్ళని. మూడు ఊళ్ళు, ఒక్కో ఊరికి 84 మంది, మొత్తం 252. మూడూ 33.33. పూర్ణాంకాలు 33, 33, 33, ఒకటి మిగిలింది. శేషాలు మూడూ సమానం, రూపాయల్లో పెద్ద పద్దు అన్న నియమం కూడా ఇక్కడ పనికిరాదు. ఫార్ములా మొదటి వరుసలో ఉన్న ఊరికి 34 ఇచ్చేసింది. సమానంగా ఉన్న మూడు ఊళ్ళలో ఒకదాన్ని పెద్దది చేయడానికి నాకు మనసొప్పలేదు, అక్కడ వంద కోసం చేసే సవరణ సభలో పచ్చి అబద్ధంలా కనిపిస్తుంది. ఆ బొమ్మలో శాతాలు తీసేసి ప్రతి ముక్క మీద "84 మంది" అని రాశాం. మనుషుల సంఖ్య చిన్నదైనప్పుడు శాతం అవసరమే లేదు. ఆ మాట మొదటే తట్టాల్సింది.

అసలు పరీక్ష మరుసటి ఏడాది వచ్చింది. ఖర్చు మొత్తం 20,00,000 అనుకోండి. వాటాలు అదే వరుసలో 30.55, 22.61, 17.58, 11.27, 9.49, 5.52, 2.98. ఈసారి మామూలు సవరణతో 101 వస్తుంది. పోయినేడు తగ్గితే ఈ ఏడు పెరిగింది. దశాంశాలు కొట్టేస్తే 96, ఇంకా నాలుగు పంచాలి. అవి ఆఫీసుకు (.98), రవాణాకు (.61), జీతాలకు (.58), కోత కూలీకి (.55) వెళ్ళాయి. కరెంటు .52 ఉండి కూడా 5 దగ్గరే ఆగింది. షెడ్డు 9. లేబుళ్ళు 31, 23, 18, 11, 9, 5, 3. మొత్తం వంద.

బొమ్మ తప్పు లేదు. కుర్రాడు దాన్ని పోయినేటి బొమ్మ పక్కన పెట్టి పోల్చి, "షెడ్డు కిరాయి 10 శాతం నుంచి 9 శాతానికి తగ్గించాం" అని నివేదికలో రాశాడు. నిజానికి షెడ్డు వాటా 9.46 నుంచి 9.49కి పెరిగింది. రూపాయల్లో 1,75,010 నుంచి 1,89,800. ఇంచుమించు పదిహేను వేలు పెరిగిన కిరాయిని తగ్గించామని అచ్చు వేయబోయాం. షెడ్డు లేబుల్ తగ్గడానికి కారణం షెడ్డు కాదు, క్యూలో దానికన్నా ముందు ఇతరుల శేషాలు నిలబడటం. అమెరికాలో 1880 జనాభా లెక్కల తర్వాత కూడా ఇలాంటిదే బయటపడింది. ప్రతినిధుల సభలో 299 సీట్లుంటే అలబామా రాష్ట్రానికి 8, సీట్లు 300కు పెంచితే 7 వచ్చేవి. ఈ పద్ధతిలో ఒకరి అంకె వాళ్ళ ఒక్కరి మీదే ఆధారపడదు, అందరి శేషాల మీదా ఆధారపడుతుంది. ఇది పద్ధతిలోనే ఉన్న హద్దు, ఫార్ములా మార్చి తప్పించుకోలేం.

ఆ వాక్యం కొట్టేశాం. ఇప్పుడు ఆ సంఘం నివేదికలో పై చార్టు ఒక్క ఏడాదికే ఉంటుంది, పాత ఏడాది బొమ్మ దాని పక్కన రాదు. రెండేళ్ళ పోలిక వేరే పేజీలో, శాతాలు లేకుండా, రూపాయల్లో. షెడ్డు వరుసలో 1,75,010 పక్కన 1,89,800 ఉంటుంది. కమిటీలో ఆ పెరుగుదల మీద ఒక గంట మాట్లాడుకున్నారు, షెడ్డాయన కూడా కూర్చున్నాడు.